468.6 నానోమీటర్ల గీత ఎవరిది?

అందరికీ నమస్కారం. ఈరోజు ఒకే ఒక్క వర్ణపట గీత గురించి మాట్లాడదామనుకుంటున్నాను. నీలి రంగులో, 468.6 నానోమీటర్ల దగ్గర కనిపించే గీత అది. హైడ్రోజన్ లాంటి పరమాణువుల శక్తి స్థాయిల లెక్క మనందరం చదువుకున్నదే. రెండు స్థాయిలు ఇస్తారు, తరంగదైర్ఘ్యం కనుక్కోమంటారు. రెండు నిమిషాల లెక్క. కానీ ఈ గీత విషయంలో 1913లో పెద్ద చర్చే జరిగింది, అది తేలింది నాలుగో దశాంశ స్థానం దగ్గర. ముందు లెక్క చేసి, తర్వాత ఆ చర్చకు వస్తాను.

హైడ్రోజన్ లాంటి పరమాణువు అంటే ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉన్నది. కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్లున్నా ఫరవాలేదు, బయట ఎలక్ట్రాన్ మాత్రం ఒక్కటే ఉండాలి. హీలియంకు మామూలుగా రెండు ఎలక్ట్రాన్లు. అందులో ఒకటి ఊడిపోతే మిగిలేది He⁺ అయాన్. దాని కేంద్రకంలో రెండు ప్రోటాన్లు కాబట్టి Z = 2. దాని శక్తి స్థాయిలకు సూత్రం ఇది, ఇందులో n అంటే స్థాయి వరుస సంఖ్య:

Eₙ = −13.6 Z²/n² eV

Z కి వర్గం ఉందని గమనించండి. హీలియం అయాన్‌కు 13.6 బదులు నాలుగు రెట్లు, అంటే 54.4 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది.

ఇప్పుడు తెర మీది పటం చూడండి. నాలుగు అడ్డగీతలున్నాయి. కింది నుంచి పైకి వాటికి క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టాను. పరీక్షల్లో ఇచ్చే పటాలు కూడా ఇలాగే ఉంటాయి, n విలువలు రాయరు, అక్షరాలు మాత్రమే ఇస్తారు. అన్నిటికన్నా కిందిది భూస్థాయి అయితే క అంటే n = 1, ఘ అంటే n = 4. 'మూడో ఉత్తేజిత స్థాయి' అన్నా ఈ ఘ యే, n = 3 కాదు. ఎందుకంటే మొదటి ఉత్తేజిత స్థాయి n = 2 దగ్గర మొదలవుతుంది. ఈ ఒక్క చోట తడబడితే తర్వాతి లెక్క ఎంత శుభ్రంగా చేసినా జవాబు వేరే గీతకు చెందుతుంది.

స్థాయిల శక్తులు: క −54.4, ఖ −13.6, గ −6.04, ఘ −3.40 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ ఘ నుంచి గ కు దిగితే ఆ తేడా అంతా ఒక ఫోటాన్‌గా బయటికి వస్తుంది. శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటే 1240ని దానితో భాగిస్తే తరంగదైర్ఘ్యం నేరుగా నానోమీటర్లలో వస్తుంది. 1240 అంటే ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం గుణిస్తే ఈ ప్రమాణాల్లో వచ్చే సంఖ్యే.

తేడా 2.64. భాగిస్తే 470 దగ్గర వస్తుంది. కానీ ఎవరైనా శక్తులను ఒక దశాంశానికి సవరించి −6.0, −3.4 అని రాసుకున్నారనుకోండి. తేడా 2.6 అవుతుంది, జవాబు 477. ఏడెనిమిది నానోమీటర్లు పక్కకు పోయింది! దగ్గరదగ్గరగా ఉన్న రెండు సంఖ్యలను తీసివేసినప్పుడు సవరించిన కొసలే జవాబును శాసిస్తాయి. అందుకే నేను స్థాయిల శక్తులను విడివిడిగా సంఖ్యలుగా మార్చను. భిన్నాన్ని చివరిదాకా భిన్నంగానే ఉంచుతాను:

ΔE = 54.4 × (1/9 − 1/16) = 54.4 × 7/144 = 2.644 eV

λ = 1240 / 2.644 = 468.9 nm

ఇది నీలి కాంతి. సరిచూసుకోవడానికి ఒక మార్గం ఉంది. హైడ్రోజన్‌లో ఇదే 4 నుంచి 3కు దిగితే వచ్చే కాంతి 1875 నానోమీటర్లు, అంటే కంటికి కనిపించని పరారుణం. మన జవాబు దానిలో నాలుగో వంతు ఉండాలి, ఉంది. ఎవరికైనా 1875 వచ్చిందంటే Z² వేయడం మరిచిపోయారని అర్థం.

కొన్ని పటాల్లో సున్నా పైన కాకుండా కింద ఉంటుంది. క ని సున్నాగా తీసుకుని ఖ ని 40.8, గ ని 48.36, ఘ ని 51.0 అని రాస్తారు. కంగారు పడక్కర్లేదు, మనకు కావలసింది తేడా మాత్రమే. సున్నా ఎక్కడ పెట్టినా తేడా మారదు. కానీ ఆ పటంలోంచి 51.0 తీసుకుని, సూత్రంలోంచి −6.04 తీసుకుని కలిపేస్తే మాత్రం అర్థం లేని సంఖ్య వస్తుంది. ఒకే లెక్కలో రెండు సున్నాలు ఉండకూడదు.

ఇంకొన్ని చోట్ల శక్తులే ఇవ్వరు. ఘ నుంచి ఖ కు 121.6, గ నుంచి ఖ కు 164.1 నానోమీటర్లు అని చెప్పి, ఘ నుంచి గ కు ఎంత అని అడుగుతారు. చేయి తిన్నగా తీసివేత మీదికి పోతుంది: 42.5. కానీ తేడాలుగా తీసివేయదగినవి శక్తులు, అంటే తరంగదైర్ఘ్యాల విలోమాలు. 1/121.6 నుంచి 1/164.1 తీసివేసి తిరగేస్తే మళ్లీ 469 దగ్గరికే వస్తాం. పెద్ద దూకుడులో ఒక భాగమైన చిన్న దూకుడుకు తరంగదైర్ఘ్యం ఎక్కువ ఉండాలి కాబట్టి, 42.5 తప్పని చూడగానే చెప్పవచ్చు.

ఇక కథలోకి వద్దాం. 1896లో అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పికరింగ్ జీటా పప్పిస్ అనే చాలా వేడి నక్షత్రం వర్ణపటంలో కొత్త గీతల వరుస ఒకటి గుర్తించాడు. హైడ్రోజన్‌కు చెందిన బామర్ గీతల మధ్య మధ్యలో, ఒకటి విడిచి ఒకటిగా అవి అమరి ఉన్నాయి. బామర్ సూత్రంలోని 1/2² − 1/n² లో n స్థానంలో 3, 4, 5 బదులు 3.5, 4.5 పెడితే సరిగ్గా సరిపోయాయి. దాంతో అవి హైడ్రోజన్ గీతలేనని అందరూ అనుకున్నారు. అనుకోక ఏం చేస్తారు, సంఖ్యలు అంత చక్కగా కలిసినప్పుడు! 1912లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ హైడ్రోజన్, హీలియం కలిపిన గొట్టంలో విద్యుత్తు పంపి, ఈ కుటుంబానికే చెందినట్టున్న 468.6 గీతను ప్రయోగశాలలో రప్పించాడు. దాన్నీ హైడ్రోజన్‌కే జమ కట్టారు.

1913లో నీల్స్ బోర్ వచ్చి, అది హైడ్రోజన్ కాదు, ఒక ఎలక్ట్రాన్ కోల్పోయిన హీలియం అన్నాడు. కారణం మన సూత్రంలోనే ఉంది. Z² = 4 ని భిన్నం లోపలికి పంపండి. 4 × (1/16 − 1/49) అంటే 1/2² − 1/3.5². అర సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసింది కదా! అవి హైడ్రోజన్‌లోని అర స్థాయిలు కావు, హీలియంలోని ఏడో స్థాయి. మన 468.6 గీత కూడా అంతే: 1/1.5² − 1/2². మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలోని ఇవాన్ ఎవాన్స్ హైడ్రోజన్ జాడ లేకుండా శుభ్రం చేసిన హీలియంలో ఆ గీతను చూపించాడు.

అయినా ఫౌలర్ ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది మొండితనం కాదు, కొలత. బోర్ చెప్పింది నిజమైతే సూత్రంలో హీలియంకు వచ్చే స్థిరాంకం, అంటే మన 54.4, హైడ్రోజన్‌కు వచ్చే 13.6కు సరిగ్గా 4 రెట్లు ఉండాలి. కొలిస్తే 4.0016 వస్తోంది. వర్ణపటం కొలిచేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

బోర్ జవాబు ఇది. కేంద్రకం కదలకుండా ఉంటుందని మనం ఊహించుకున్నాం. నిజానికి ఎలక్ట్రాన్, కేంద్రకం రెండూ వాటి ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. అందువల్ల ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి బదులు రెడ్యూస్డ్ మాస్ వాడాలి. అప్పుడు 13.6 అన్నది 1 + m/M తో భాగించబడుతుంది, m ఎలక్ట్రాన్‌ది, M కేంద్రకానిది. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కన్నా 1836 రెట్లు బరువు, హీలియం కేంద్రకం సుమారు 7294 రెట్లు. హైడ్రోజన్‌లో తగ్గుదల ఎక్కువ, హీలియంలో తక్కువ. నిష్పత్తి కట్టండి:

4 × (1 + 1/1836) / (1 + 1/7294) = 4.0016

మరో అంకె వేసుకుంటే 4.00163. ఫౌలర్ కొలత అభ్యంతరంగా మొదలై సాక్ష్యంగా మారిపోయింది.

ఈ తేడా కంటికి ఎలా కనిపిస్తుంది? He⁺ లో 6 నుంచి 4కు దిగే గీతను, హైడ్రోజన్‌లో 3 నుంచి 2కు దిగే ఎర్రగీతను పక్కపక్కన పెట్టండి. మామూలు సూత్రం ప్రకారం రెండూ ఒకటే, దశాంశం కూడా తేడా రాదు. నిజంగా కొలిస్తే హైడ్రోజన్ 656.3, హీలియం 656.0 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. 0.3 తేడాను చూపగల వర్ణపటమాపకం లేకపోతే ఈ గీత ఒక్కదానితో ఏ మూలకమో తేల్చలేం. అప్పుడు బేసి సంఖ్య నుంచి 4కు దిగే గీతల కోసం వెతకాలి. 7 నుంచి 4కు 541.2, 9 నుంచి 4కు 454.2. ఇవి హైడ్రోజన్‌లో అసలు ఉండవు. పికరింగ్ నక్షత్రంలో చూసినవి ఇవే.

మన జవాబు 468.9, పట్టికల్లోని 468.6 ఎందుకు వేరుగా ఉన్నాయో కూడా ఇప్పుడు చెప్పుకోవచ్చు. 13.6 బదులు 13.6057, 1240 బదులు 1239.84 పెడితే 468.65 వస్తుంది. హీలియం కేంద్రకం కదలికను కలిపితే 468.72. ఇది శూన్యంలో తరంగదైర్ఘ్యం. పట్టికలు దృగ్గోచర గీతలకు సాధారణంగా గాలిలో విలువలు ఇస్తాయి. గాలి వక్రీభవన గుణకం సుమారు 1.0003 కాబట్టి అది 468.58 అవుతుంది. అంటే తేడాలో ఎక్కువ భాగం మనం సంఖ్యలు సవరించడం వల్ల, ఇంకొంత గాలి వల్ల వచ్చింది. ఇంకా నిశితంగా చూస్తే ఇది ఒక్క గీత కూడా కాదు, దగ్గరదగ్గరగా ఉన్న కొన్ని సన్నగీతల గుంపు. ఆ చీలిక ఈ సూత్రానికి అందదు.

సూత్రం అసలే పనిచేయని చోట్లు రెండు. ఒకటి, రెండు ఎలక్ట్రాన్లూ ఉన్న మామూలు హీలియం. దాని ప్రసిద్ధమైన పసుపు గీత 587.6 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అది ఈ సూత్రంలో ఏ n విలువలు వేసినా సరిగ్గా రాదు, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ ఇందులో లేదు కాబట్టి. రెండోది, Z బాగా పెద్దదైనప్పుడు. ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే మిగిలిన యురేనియంలో భూస్థాయికి మన సూత్రం 115 వేల ఎలక్ట్రాన్ వోల్టులు చెబుతుంది, నిజానికి సుమారు 132 వేలు. అక్కడ ఎలక్ట్రాన్ వేగం కాంతి వేగంలో సగం దాటిపోతుంది, సాపేక్షతా సమీకరణాలు వాడక తప్పదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.