అన్నీ రాలేదా, ఒక్కటీ రాలేదా? మూడు ఆఫీసు మెయిళ్ల రివ్యూ

నమస్కారం. ఈరోజు రివ్యూకు తీసుకున్న మూడు మెయిళ్లలో మొదటిది నేను రాసినదే. దాని మీద దయ చూపించను.

అప్పట్లో ఒక మందుల గోదాములో పనిచేసేవాణ్ని. 40 కార్టన్లు రావాలి, 34 వచ్చాయి. 'అన్నీ రాలేదు' అని మనసులో అనుకుని, సరుకు పంపినవాళ్లకు ఇలా రాశాను, స్క్రీన్ మీద చూడండి: 'వుయ్ హావ్ నాట్ రిసీవ్డ్ ఎనీ ఆఫ్ ద కార్టన్స్.' వారం తిరిగేసరికి ఇంకో 40 కార్టన్లు దిగాయి. మా మేనేజర్ చూపు ఇప్పటికీ గుర్తుంది.

చిక్కు మన 'అన్నీ రాలేదు'లోనే ఉంది. కొన్నే వచ్చాయనీ అనుకోవచ్చు, ఏవీ రాలేదనీ అనుకోవచ్చు. ఎదురుగా చెబితే గొంతును బట్టి తెలిసిపోతుంది. మెయిలుకు గొంతు లేదు. నాట్ తర్వాత ఎనీ ఆఫ్ వస్తే ఒక్కటీ రాలేదని, సమ్ ఆఫ్ వస్తే కొన్ని రాలేదని అర్థం. అందుకే రాసే ముందు 'అన్నీ'ని వదిలేసి, 'కొన్ని రాలేదు' అనాలా, 'ఒక్కటీ రాలేదు' అనాలా అని తేల్చుకోండి. నేనైతే ఇప్పుడు 40లో 34 అందాయి, 6 రావాలి అని అంకెలే రాస్తున్నాను. నా మెయిలుకు పదికి రెండు మార్కులు.

రెండోది సిబ్బంది లెక్క: 'ద అమౌంట్ ఆఫ్ స్టాఫ్ ఈజ్ 42.' స్టాఫ్ అనే మాటకు చివర ఎస్ లేకపోవడంతో రాసినవారు తడబడ్డారు. తెలుగులో అడిగి చూడండి. స్టాఫ్ ఎంత అనం, ఎంతమంది అంటాం. ఎంతమంది, ఎన్ని అని అడిగేచోట నంబర్ వస్తుంది, ఎంత అని అడిగేచోట అమౌంట్. గోదాములో స్టాక్ ఎంత, కార్టన్లు ఎన్ని? సరుకు ఒకటే అయినా మాట మారితే ప్రశ్న మారుతుంది. ఈ మెయిలుకు ఆరు మార్కులు, ఎందుకంటే తప్పున్నా విషయం అర్థమవుతుంది.

మూడోది అలా కాదు. బడ్జెట్ మెయిలులో 'ద నంబర్ ఆఫ్ పెండింగ్ బిల్స్ ఈజ్ 2,40,000' అని ఉంది. చదివినవారికి రెండు లక్షల నలభై వేల బిల్లులు కట్టాలనిపిస్తుంది! నిజానికి బిల్లులు 12, వాటి మొత్తం 2,40,000 రూపాయలు. ఇక్కడ మన 'ఎన్ని' పరీక్షకూ ఒక హద్దు ఉంది. 'ఎన్ని రూపాయలు' అని మనం అడుగుతాం కానీ, మొత్తంగా చెప్పే సొమ్ముకు ఇంగ్లీషులో అమౌంటే. కాబట్టి ఇలా దిద్దాను: 'ద అమౌంట్ డ్యూ ఆన్ 12 బిల్స్ ఈజ్ 2,40,000 రూపీస్.' అసలు మెయిలుకు మాత్రం ఒకటే మార్కు, నా దానికంటే తక్కువ.