బిల్లు బుక్కు చెప్పిన లెక్క: నల్లగొండ దుకాణదారుల మీటింగ్‌లో మాట్లాడిన పాఠం

అన్నలకు, అక్కలకు అందరికీ నమస్తే. గడియారం సెంటర్‌కి దగ్గర్లోనే ఒక సబ్‌మెర్సిబుల్ మోటార్ల షాపు ఉన్నది, పోయినేడు వాళ్ళ గూగుల్ యాడ్స్ నేనే చూసిన, ఇయ్యాల ఆ ఒక్క షాపు సంగతే చెప్త.

నెల ఖర్చు 14,000, రిపోర్టులో 140 కాల్స్. అంటే కాల్‌కి వంద రూపాయలు, షాపు ఓనరన్న మస్తు ఖుషీ అయిండు. కానీ కౌంటర్ మీద కూసునే పిలగాడు "అన్నా, అన్ని ఫోన్లు యాడికెళ్ళి వచ్చినయి" అన్నడు, నాకు అక్కడ్నే అనుమానం వచ్చింది.

ఒక కొత్త సిమ్ తీసుకొచ్చి ఆ నంబర్ యాడ్‌లో తప్ప బోర్డు మీద, బిల్లు మీద, మ్యాప్ ప్రొఫైల్‌లో ఎక్కడా వెయ్యకుండ పెట్టినం, పక్కన ఒక నోటుబుక్కు. మరుసటి నెల కూడా రిపోర్టులో 140కి దగ్గరే పడింది, సిమ్ కాల్ లాగ్‌లో మాత్రం 103 ఉన్నయి. ఎందుకంటే రిపోర్టులో పడేది బటన్ నొక్కిన లెక్క, నొక్కినంక డయలర్ తెరుచుకుంటది, అక్కడ మనిషి ఆగిపోతే ఫోన్ మోగదు గానీ లెక్కలో పడతది. ఆ 103లో 22 మిస్డ్ కాల్సే, ఎక్కువ మధ్యాహ్నం అన్నం టైంలవి. ఒకే మనిషి రెండు మూడు సార్లు చేసినవి తీసేస్తే, ఫోన్ ఎత్తి మాట్లాడింది 64 మందితోని. అందులో 38 మంది పాత గిరాకీలే! వాళ్ళు షాపు పేరే కొట్టి వెతికిర్రు, పైన మన యాడే కనపడ్డది, దాన్నే నొక్కిర్రు. యాడ్ లేకపోయినా వాళ్ళు ఎట్లయినా ఫోన్ చేసేటోళ్ళే కదా.

ఇంకో మాట, యాడ్‌లో మన నంబర్ బదులు గూగుల్ తన నంబర్ చూపించి కాల్‌ని మనకు మళ్ళిస్తది, దాన్నే గూగుల్ ఫార్వర్డింగ్ నంబర్ అంటరు, అది వాడితే కాల్ ఎంతసేపు నడిచిందో తెలుస్తది, 60 సెకన్లు దాటితే మంచి కాల్ అని మామూలుగా లెక్క పెట్టి ఉంటది. మోటార్ల షాపులో ఇది ఉల్టా అయితది. "నా మోటార్ వైండింగ్ అయిందా, ఇంకెన్ని రోజులు" అని పాత రైతు నాలుగు నిమిషాలు మాట్లాడ్తడు. కొత్తాయన "అయిదు హెచ్‌పీ ఉన్నదా? ఉన్నది, రా" అని నలభై సెకన్లలో పెట్టేసి వస్తడు. అందుకే నేను సెకన్లు నమ్మ, నోటుబుక్కులో ఊరు, పాతనా కొత్తనా, ఏమడిగిండు, ఈ మూడు రాయమంట.

స్టోర్ విజిట్స్, అంటే యాడ్ చూసినంక షాపుకి వచ్చినోళ్ళ లెక్క, దాని సంగతి అడుగుతరు గదా. అది ఫోన్‌లో లొకేషన్ హిస్టరీ పెట్టుకున్నోళ్ళను బట్టి గూగుల్ వేసే అంచనా, ఎవరొచ్చిర్రో పేరు చెప్పదు, యాడ్ నొక్కినోళ్ళు, వచ్చినోళ్ళు చాలినంత మంది లేకపోతే ఆ కాలమే కనపడదు. మన సైజు షాపుకి చాలాసార్లు కనపడదు. డైరెక్షన్స్ నొక్కుడు అంటే షాపుకి వచ్చినట్టు కాదు, అది వేరే లెక్క.

మరి అసలు యాడ్ వల్ల వచ్చింది ఎంత? ఇది యాసంగి సంగతి, ఫిబ్రవరి మార్చిల బోర్లల్ల నీళ్ళు దిగితే మోటార్లు కాలుడు ఎక్కువైతది, గిరాకీ దానంతటదే పెరుగుతది, ముందటి నెలతోని పోలిస్తే యాడ్ గొప్పది అనిపిస్తది. అందుకని బిల్లు బుక్కు పట్టుకున్నం, ఎందుకంటే అన్న ప్రతి బిల్లు మీద గిరాకీ ఊరు రాస్తడు. రెండు వారాలు దేవరకొండ దిక్కు యాడ్ నడిపి హాలియా దిక్కు ఆపినం, తర్వాత రెండు వారాలు తారుమారు చేసినం. లొకేషన్ సెట్టింగ్‌లో `Presence` అని మార్చాలె, లేకపోతే ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నడని వేరే ఊరోనికి కూడా చూపిస్తది.

కొత్త గిరాకీ బిల్లులు దేవరకొండ దిక్కు యాడ్ ఉన్నప్పుడు 11, లేనప్పుడు 6. హాలియా దిక్కు ఉన్నప్పుడు 9, లేనప్పుడు 7. రెండూ కలిపితే యాడ్ ఉన్నప్పుడు 20, లేనప్పుడు 13, అంటే మీద వచ్చినయి ఏడు. ఆ నాలుగు వారాల ఖర్చు కూడా 14,000, ఒక్కో బిల్లుకు రెండు వేలు పడ్డది, వంద కాదు! ఏడు అంటే చిన్న నంబరే, ఒక ఊర్ల ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ పేలితే నాలుగు మోటార్లు ఒకేసారి కాలుతయి, లెక్క తిరగబడతది, మొబైల్ నెట్ లొకేషన్ కూడా ఒక్కోసారి ఊరు కాకుండా హైదరాబాద్ అని చూపిస్తది. అందుకే ఇంకోసారి తారుమారు చేసి చూసినం, మళ్ళీ యాడ్ ఉన్న దిక్కే ఎక్కువున్నయి, అప్పుడు నమ్మిన.

తర్వాత షాపు పేరును నెగెటివ్ కీవర్డ్‌గా పెట్టిన, అంటే షాపు పేరు కొట్టి వెతికినోళ్ళకు యాడ్ కనపడకుండ చేసిన. రిపోర్టులో కాల్స్ 57కి పడ్డయి, అన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "ఏమైందిరా, యాడ్ చచ్చిపోయిందా" అన్నడు. "బిల్లు బుక్కు తియ్యి అన్నా" అని చెప్పిన, ఇద్దరం ఫోన్‌లోనే ఊర్లు సదువుకున్నం, కొత్త గిరాకీ ఒక్కటి కూడా తగ్గలే. ఆ మిగిలిన పైసల్ని మధ్యాహ్నం ఫోన్ ఎత్తెటందుకు ఒక పిలగానికి ఇస్తుండు ఇప్పుడు.