భూఫలకాల అంచుల్లోనే భూకంపాలు ఎందుకు గుమిగూడుతాయి? (ఫోన్-ఇన్ కార్యక్రమం, హైదరాబాద్)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. భూఫలకాలు అంటే ఏమిటో, భూకంపాలు ఎక్కువగా వాటి అంచుల వెంబడే ఎందుకు వస్తాయో వివరించడానికి భూభౌతిక శాస్త్రంలో చాలా కాలం పరిశోధన చేసి పదవీ విరమణ పొందిన డాక్టర్ గారు ఈ రోజు మన స్టూడియోకు వచ్చారు. మొదటి ఫోను ఉప్పల్ నుంచి. మాట్లాడండి.

శ్రోత (ఉప్పల్): నమస్కారం మేడమ్. నేను పదో తరగతి పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను. భూమి పైపొర ముక్కలుగా విడిపోయి ఉందనీ, ఆ ముక్కలు కరిగిన లావా మీద తేలుతున్నాయనీ చెబుతుంటాను. అలా చెప్పడం సరైనదేనా?

డాక్టర్: మొదటి సగం సరైనదే, రెండో సగం మాత్రం దయచేసి చెప్పకండి. భూమి పైభాగంలో సగటున నూరు కిలోమీటర్ల మందం ఉన్న గట్టి రాతి పొర ఉంది. అది ఏడు పెద్ద ముక్కలుగా, మరెన్నో చిన్న ముక్కలుగా విడిపోయి ఉంది. ఆ ముక్కలనే ఫలకాలు అంటున్నాం. వాటి కింద ఉన్నది ద్రవం కాదు, అది కూడా రాయే. అయితే అక్కడి వేడికి ఆ రాయి మెత్తబడి, లక్షల ఏళ్ల కాలంలో చాలా నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. అందువల్ల దాని మీద ఉన్న గట్టి ఫలకం కదలగలుగుతుంది. ఖండాలు వేరు, ఫలకాలు వేరు అన్న మాట కూడా పిల్లలకు చెప్పండి. మన భారత ఫలకంలో ఈ నేలతో పాటు హిందూ మహాసముద్రపు అడుగుభాగం కూడా చాలా మేరకు ఉంది.

శ్రోత (ఉప్పల్): అది కదులుతోందని కంటితో చూడలేం కదా మేడమ్, మరి ఎలా తెలుస్తుంది?

డాక్టర్: మీ ప్రాంతంలోనే సమాధానం ఉంది. హైదరాబాద్‌లోనూ, బెంగళూరులోనూ, టిబెట్‌లోని లాసాలోనూ రాతిలో గట్టిగా నిలిపిన జీపీఎస్ కేంద్రాలు ఏళ్ల తరబడి తమ స్థానాన్ని మిల్లీమీటర్ల లెక్కన నమోదు చేస్తున్నాయి. హైదరాబాద్‌కూ బెంగళూరుకూ మధ్య దూరం దాదాపు మారడం లేదు, ఎందుకంటే రెండూ ఒకే ఫలకం మీద కలిసి ప్రయాణిస్తున్నాయి. హైదరాబాద్‌కూ లాసాకూ మధ్య దూరం మాత్రం ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున తగ్గుతోంది. ఫలకం లోపలి భాగం పెద్దగా వంగదు, నలగదు. కదలికలోని తేడా అంతా అది పక్క ఫలకాన్ని తాకే చోటే పడుతుంది. భూకంపాలు అంచుల్లో గుమిగూడడానికి మూలకారణం ఇదే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తర్వాతి శ్రోత సికింద్రాబాద్ నుంచి.

శ్రోత (సికింద్రాబాద్): నమస్తే మేడమ్, నేను ఇంటర్ చదువుతున్నాను. ఫలకాలు నిరంతరం కదులుతూ ఉంటే భూమి కూడా నిరంతరం కొద్దికొద్దిగా కంపించాలి కదా? ఒక్కసారిగా పెద్ద భూకంపం ఎందుకు వస్తుంది?

డాక్టర్: చాలా మంచి ప్రశ్న అడిగావు బాబూ, దీనికి కాస్త సమయం తీసుకుంటాను. ఫలకం కదలడం ఆగదు కానీ, అంచు దగ్గర రెండు రాతి ముఖాలు ఒకదానినొకటి గట్టిగా ఒత్తుకొని ఉండడం వల్ల ఆ చోట రాపిడి జారనివ్వదు. నిండు బియ్యం బస్తాకు రబ్బరు తాడు కట్టి లాగావనుకో. నువ్వు ఆగకుండా వెనక్కి నడుస్తున్నా బస్తా కదలదు, తాడు సాగుతూ ఉంటుంది. ఒక దశలో బస్తా ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అంచు దగ్గరి రాయి కూడా ఆ తాడులాగే ఏళ్ల తరబడి వంగి, ఆ ఒత్తిడిని దాచుకుంటుంది. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత, అంతకు ముందు జరిగిన భూసర్వే కొలతలనూ తర్వాతి కొలతలనూ పోల్చి చూసిన హ్యారీ రీడ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని స్పష్టంగా వివరించారు.

ఇప్పుడు హిమాలయాల సంగతి చూడు. మన ఫలకం ఏడాదికి 4 నుంచి 5 సెంటీమీటర్ల వేగంతో ఉత్తర ఈశాన్య దిశగా వెళుతోంది. అందులో దాదాపు 2 సెంటీమీటర్లు హిమాలయాల కిందే ఖర్చవుతాయి, మిగిలినది టిబెట్టూ ఆపై ప్రాంతాలూ నలగడానికి సరిపోతుంది. మన ఫలకం హిమాలయాల కిందికి చాలా తక్కువ వాలుతో దూరుతోంది. ఆ ఏటవాలు పగులులో, దక్షిణపు కొండపాదాల నుంచి ఎత్తయిన శిఖరాల కింది వరకు, సుమారు నూరు కిలోమీటర్ల వెడల్పున రాయి బిగుసుకుపోయి ఉంది. ఇంకా లోతుకు, అంటే 20 కిలోమీటర్ల దిగువకు వెళితే, వేడి వల్ల రాయి విరగకుండా మెల్లగా జారిపోతుంది. అంటే లోతున జారుడు నడుస్తూనే ఉంటుంది, పైన బిగింపు వదలదు. ఒత్తిడి ఆ రెండింటి మధ్య పేరుకుంటుంది.

ఖాట్మండు పరిసరాల్లో 1833లో ఒక పెద్ద భూకంపం వచ్చింది. దాని తర్వాత ఇంచుమించు అదే ప్రాంతంలో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో గోర్ఖా భూకంపం వచ్చింది. మధ్యలో 182 ఏళ్లు గడిచాయి. ఏడాదికి 2 సెంటీమీటర్ల చొప్పున లెక్కిస్తే మూడున్నర మీటర్లకు పైగా జారుడు బకాయి పడింది. ఆ రోజు గోర్ఖా జిల్లా అడుగున సుమారు 15 కిలోమీటర్ల లోతులో పగులు మొదలై, ఖాట్మండు అడుగు నుంచి తూర్పుకు వంద కిలోమీటర్లకు పైగా ఒక్క నిమిషం లోపే సాగింది. లోపల రాయి సగటున కొన్ని మీటర్ల మేర జారినట్లు ఉపగ్రహ రాడార్, జీపీఎస్ కొలతలు చూపాయి. ఖాట్మండు లోయ దాదాపు ఒక మీటరు పైకి లేచింది, దాని ఉత్తరాన ఎత్తయిన పర్వతాలు కొంత కిందికి దిగాయి. సుమారు తొమ్మిది వేల మంది చనిపోయారు.

శ్రోత (సికింద్రాబాద్): అంటే బకాయి తీరిపోయినట్లేనా మేడమ్?

డాక్టర్: లేదు. పగులు ఖాట్మండుకు దక్షిణంగా భూమి ఉపరితలం దాకా రాకుండానే ఆగిపోయింది, కాబట్టి కొండపాదాల వైపు ఉన్న భాగంలో బిగింపు మిగిలే ఉంది. పశ్చిమ నేపాల్ వైపు కూడా పెద్ద భూకంపం వచ్చి శతాబ్దాలు గడిచాయి. నేను చేసిన లెక్కను గడియారంలా వాడకండి, ఇది నేను అందరికీ చెప్పే హెచ్చరిక. ఒకసారి మూడు మీటర్లకే విరగవచ్చు, మరోసారి ఆరు మీటర్లు పేరుకునేదాకా విరగకపోవచ్చు. ఎంత బకాయి ఉందో చెప్పగలం గానీ, ఏ రోజున తీరుతుందో చెప్పలేం.

వ్యాఖ్యాత: ఆలోచించి అడిగారు, ధన్యవాదాలు. మచిలీపట్నం నుంచి మరో శ్రోత ఉన్నారు.

శ్రోత (మచిలీపట్నం): అమ్మా, 2004లో మా తీరానికి వచ్చిన సునామీ కూడా ఇలాంటి అంచు వల్లేనా?

డాక్టర్: అవునండీ. సుమత్రా, అండమాన్ దీవుల పక్కన సముద్రపు ఫలకం మరొక ఫలకం కిందికి వెళుతోంది. అక్కడ సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున బిగింపు విడిపోయింది, సముద్రం అడుగు పైకి లేచి నీటిని నెట్టింది. భూమి ఊగిన తర్వాత సముద్రం వెనక్కి తగ్గితే చూడటానికి వెళ్లకుండా వెంటనే ఎత్తైన చోటికి వెళ్లండి.

వ్యాఖ్యాత: సంతోషం. కూకట్‌పల్లి నుంచి శ్రోత లైన్లో ఉన్నారు.

శ్రోత (కూకట్‌పల్లి): నమస్కారమమ్మా. మాది ములుగు దగ్గర. 2024 డిసెంబరు 4న తెల్లవారి ఏడున్నర కావస్తుండగా మా ఊరి ఇంట్లో అటక మీది గిన్నెలు గలగలలాడాయి, గోడకున్న క్యాలెండరు ఊగింది. మా కోడలు పిల్లలను తీసుకొని బయటికి పరుగెత్తింది. ఇక్కడ కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌లో కూడా కొందరికి తెలిసిందట. మరి ములుగు అంచు మీద లేదు కదా? మా బావమరిది బోర్లు ఎక్కువ వేయడం వల్లే అంటున్నాడు. ఇంకొకటి, చిన్న భూకంపాలు వస్తే మంచిదట, లోపలి ఒత్తిడి పోతుందట. మరి అది నిజమేనా? మా వాళ్లంతా అదే అంటున్నారు...

డాక్టర్: ఒక్కొక్కటిగా చెబుతానండీ. ముందు, అంచు అంటే పటంలో గీసిన గీత అనుకోకండి. హిమాలయాల అంచు వందల కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంది. అక్కడి ఒత్తిడిలో కొంత ఫలకం పొడవునా లోపలికి వ్యాపిస్తుంది. గోదావరి లోయ కోట్ల ఏళ్ల కిందట నేల చీలి దిగబడిన ప్రాంతం. ఆ పాత పగుళ్లు ఇప్పటికీ బలహీనంగానే ఉన్నాయి కాబట్టి, ఆ ఒత్తిడికి అక్కడక్కడ కదులుతాయి. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది, మీ ములుగుది 5.3. మహారాష్ట్రలోని కిల్లారిలో 1993లో వచ్చినది ఇంకా పెద్దది, 6.2. అక్కడ ఇళ్ల గోడలు మట్టితో కట్టిన బరువైన రాతి గోడలు కావడం వల్ల వేల మంది చనిపోయారు. ఫలకం మధ్యలో భూకంపాలు రావని ఎవరూ అనరు. అంచుల్లో వచ్చిన ప్రతిసారీ ఆ బిగింపు మళ్లీ ఏటా సెంటీమీటర్ల లెక్కన నిండుతుంది, మధ్యలో అలా నిండడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. తేడా అదే.

బోర్ల సంగతికి వస్తే, మనం వేసే బోర్లు కొన్ని వందల అడుగులే. ములుగు భూకంపం మొదలైనది కిలోమీటర్ల లోతులో.

శ్రోత (కూకట్‌పల్లి): సరేనమ్మా. మరి చిన్నవి వస్తే పెద్దది రాదన్న మాటో? మళ్లీ అడుగుతున్నానని ఏమీ అనుకోవద్దు.

డాక్టర్: ఏమీ అనుకోను, అడగవలసిన ప్రశ్నే. తీవ్రత ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 5 నుంచి 8కి మూడు అంకెలు. అంటే 8 తీవ్రత గల ఒక్క భూకంపపు శక్తిని తీసివేయాలంటే 5 తీవ్రత గలవి దాదాపు 32 వేలు రావాలి. హిమాలయాల్లో అన్ని రావడం లేదు. అందువల్ల చిన్నవి వచ్చాయని నిశ్చింతగా ఉండవద్దు, వచ్చాయి కాబట్టి పెద్దది తప్పదని భయపడనూ వద్దు.

శ్రోత (కూకట్‌పల్లి): ఫలానా తేదీన హైదరాబాద్‌లో వస్తుందని ఫోన్లో ఒక సందేశం తిరుగుతోందమ్మా. మా ఆవిడ రెండు రోజులుగా నిద్రపోవడం లేదు...

డాక్టర్: తేదీ చెప్పేవారిని నమ్మకండి అని ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు గానీ, ఆ సందేశాలు రాసేవారి మీద మాత్రం కోపం వస్తుంది. తేదీ, స్థలం, తీవ్రత కలిపి ముందుగా చెప్పగలిగిన పద్ధతి ఇంతవరకు ప్రపంచంలో ఎక్కడా లేదు. మీ ఆవిడను నిశ్చింతగా పడుకోమని చెప్పండి. మీ ఊరి ఇంట్లో మాత్రం అటక మీద ఉన్న బరువైన సామాను కిందికి దింపించండి, పిల్లలు పడుకునే మంచం పక్కన ఉన్న బీరువాను గోడకు బిగించండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. సమయం తక్కువగా ఉంది, చివరి శ్రోత మెహదీపట్నం నుంచి. క్లుప్తంగా అడగండి.

శ్రోత (మెహదీపట్నం): అట్లాంటిక్ మధ్యలో కూడా ఫలకాల అంచు ఉంది కదా, అక్కడ హిమాలయాల్లోలా పెద్ద భూకంపాలు ఎందుకు రావు?

డాక్టర్: అక్కడ ఫలకాలు ఒకదాని నుంచి ఒకటి దూరంగా జరుగుతున్నాయి, కింది నుంచి వేడి రాయి పైకి వస్తుంది. విరగగలిగే గట్టి పొర పలచగా ఉండడం వల్ల బిగుసుకొనే రాతి ముఖం చిన్నది. అందుకే భూకంపాలు చాలా వస్తాయి గానీ చాలా వరకు చిన్నవే వస్తాయి. వందల కిలోమీటర్ల పొడవు, నూరు కిలోమీటర్ల వెడల్పున బిగుసుకొనే చోటు ఉన్నప్పుడే 8 తీవ్రతకు తగినంత శక్తి పోగవుతుంది.

వ్యాఖ్యాత: డాక్టర్ గారికి, ఫోను చేసిన శ్రోతలకు ధన్యవాదాలు. ఈ రోజు కార్యక్రమం ఇంతటితో ముగిసింది.