మొత్తం సరిపోయింది, మరి నెల జీతం?

శ్రోతలకు నమస్కారం. అప్రైజల్ అయ్యాక కొత్త జీతం లెటర్ రాగానే కళ్లు ముందు అడుగున ఉన్న అంకె మీదికే పోతాయి. 10 శాతం పెంచుతామన్నారు, మొత్తం 10 శాతం పెరిగింది, హమ్మయ్య అనుకుంటాం. నన్నడిగితే లెటర్ మొత్తంలో మనకు అతి తక్కువ విషయం చెప్పే అంకె అదే.

చిన్న లెక్క చూద్దాం. కంపెనీ మీ మీద పెట్టే ఖర్చు ఇదివరకు 100 అనుకోండి. అందులో బేసిక్ 40, అలవెన్సులు 42, రిటైర్మెంట్ నిధికి కంపెనీ కట్టేది బేసిక్‌లో పదో వంతు, అంటే 4. మిగిలిన 14 వేరియబుల్ పే. అన్ని భాగాలూ 10 శాతం పెరుగుతాయని మేనేజర్ మాటిచ్చారు.

కొత్త లెటర్లో మొత్తం 110. బేసిక్ 44 అయింది, నిధి వాటా 4.4 అయింది. ఇంతవరకు మాట ప్రకారమే ఉంది. అలవెన్సులు మాత్రం 46.2 కావాల్సింది 39.6 దగ్గరున్నాయి. అంటే పెరగకపోగా తగ్గాయి. వేరియబుల్ పే 15.4 బదులు 22కి ఎక్కింది. కూడితే 110 రానే వస్తుంది, అందుకే అనుమానం రాదు. బేసిక్, అలవెన్సులు కలిపి చూడండి: 82 ఉన్నది 83.6 అయింది. స్థిరంగా వచ్చే జీతం పెరిగింది సుమారు 2 శాతమే! పైగా నిధికి మన వాటా కూడా బేసిక్‌ని బట్టే కోస్తారు కాబట్టి చేతికొచ్చే పెరుగుదల ఇంకాస్త తగ్గుతుంది.

వేరియబుల్ పే చెడ్డదని కాదు. కానీ అక్కడ రాసే అంకె సాధారణంగా టార్గెట్ పూర్తయితే వచ్చేది. 22లో 70 శాతమే చెల్లిస్తే వచ్చేది 15.4.

కాబట్టి పాత లెటర్, కొత్త లెటర్ పక్కపక్కన పెట్టుకుని వరుసకు వరుస చూడండి. పాత అంకెలకు పేస్లిప్‌ని నమ్ముకోవద్దు, ఆ నెల సెలవుల కోతో, ఓవర్‌టైమో అందులో కలిసి ఉండొచ్చు. ఒక లెటర్లో నెలకు, రెండోదాంట్లో ఏడాదికి రాసి ఉంటే ముందు ఒకే లెక్కలోకి మార్చుకోండి. ఒక్కసారే ఇచ్చే బోనస్‌ని మొత్తంలో కలిపారేమో చూడండి, వచ్చే ఏడాది అది ఉండదు.

తేడా కనిపిస్తే సంతకానికి ముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. కోపతాపాలేమీ అక్కర్లేదు. “అలవెన్సులు 42 నుంచి 39.6కి తగ్గాయి, మాట్లాడుకున్న ప్రకారం 46.2 ఉండాలి, దయచేసి సరిచూడండి” అంటే చాలు. అప్రైజల్ మీటింగ్ తర్వాత మేనేజర్ పంపిన మెయిల్ ఉంటే దానికే రిప్లై ఇవ్వడం మేలు.

లెటర్ సరిగ్గా ఉన్నా తేదీ మర్చిపోకండి. పెంపు అమలయ్యే తేదీ మూడు నెలల వెనకది అయితే, ఆ మూడు నెలల తేడా కొత్త జీతంతో వచ్చే మొదటి పేస్లిప్‌లో అరియర్స్ అని విడిగా కనిపించాలి. కనిపించకపోతే ఎప్పుడు వేస్తారో ఆ వారమే అడగండి.