ఐదుగురిని అడిగారు, లెక్క ఇద్దరికే వస్తోంది: బడ్జెట్ ప్రపోజల్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు రివ్యూకి ఒక కస్టమర్ సపోర్ట్ డిపార్ట్‌మెంట్ బడ్జెట్ ప్రపోజల్ తీసుకున్నాను. ఏ కంపెనీదో చెప్పను. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి అంకెలు కూడా మార్చాను.

మొదటి పేజీలోనే ఇలా రాశారు: "గత ఏడాది ఏజెన్సీ స్టాఫ్‌కి 10 లక్షలు అనుకుంటే 31.6 లక్షలైంది. కాబట్టి కొత్తగా ఐదుగురు కావాలి." ఫైనాన్స్ వాళ్లు ఇక్కడే ఆపేస్తారు. ఎందుకంటే అదే షీట్‌లో జీతాల పద్దు ఉంది. 20 పోస్టులకు 1.20 కోట్లు ఇస్తే 1.08 కోట్లే ఖర్చయింది. "ఉన్న పోస్టులే నింపలేదు, కొత్తవెందుకు?" అంటే ఈ ప్రపోజల్‌లో సమాధానం లేదు.

నిజానికి సమాధానం వాళ్ల దగ్గరే ఉంది. ఎక్కువైన 21.6 లక్షల్ని నెలవారీగా విడదీస్తే కనిపిస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు పోస్టులు ఖాళీ. వాటి బదులు నెలకు 60 వేల చొప్పున నలుగురు ఏజెన్సీ మనుషుల్ని పెట్టుకున్నారు. అది 14.4 లక్షలు. జీతాల్లో మిగిలిన 12 లక్షలు ఇటే పోయాయి. అక్టోబర్‌కి పోస్టులన్నీ నిండాయి కాబట్టి ఈ ఖర్చు మళ్లీ రాదు. దీన్ని చూపించి కొత్త మనుషుల్ని అడగకూడదు.

మిగిలిన 7.2 లక్షలే అసలు కేసు. అక్టోబర్ నుంచి నెలకు 6,000 టికెట్లు కాస్తా 6,600 అయ్యాయి. ఒక్కరు నెలకు 300 చూస్తారు కాబట్టి అదనంగా ఇద్దరు కావాల్సి వచ్చింది. ఆరు నెలలే కాబట్టి 7.2 లక్షలతో పోయింది. ఇదే రద్దీ వచ్చే ఏడాదంతా ఉంటే 14.4 లక్షలవుతుంది. అదే ఇద్దరినీ 50 వేల జీతంతో సొంతంగా తీసుకుంటే 12 లక్షలు. ఈ పోలిక ప్రపోజల్‌లో ఎక్కడా లేదు, నాకు చాలా బాధనిపించింది.

ఐదు అనే అంకెకు మాత్రం ఆధారం లేదు. ఎలాగూ కోస్తారని పెంచి అడిగినట్టుంది. అలా చేస్తే పక్కనున్న నిజమైన అంకెల్ని కూడా ఎవరూ నమ్మరు.

నేనైతే ఇద్దరినే అడుగుతాను. ఉద్యోగంలో చేరడానికి మూడు నెలలు పడుతుంది కాబట్టి తొమ్మిది నెలల జీతం 9 లక్షలు, మొదటి మూడు నెలలకు ఏజెన్సీ 3.6 లక్షలు, కలిపి 12.6 లక్షలు రాస్తాను. ల్యాప్‌టాప్‌లు, లైసెన్సుల ఖర్చు విడిగా చూపిస్తాను. జూలై నుంచి ఏజెన్సీ పద్దు మళ్లీ పాత స్థాయికే వస్తుందని కూడా రాసిస్తాను.

ఇంకొక్క ప్రశ్న తప్పకుండా వస్తుంది: ఆ 600 టికెట్లు నిలిచి ఉంటాయా, లేక ఏదో ఒక కొత్త రిలీజ్ వల్ల వచ్చాయా? అక్టోబర్‌లో పెరిగి మార్చికి తగ్గుముఖం పడితే పర్మనెంట్ పోస్టులు అడగొద్దు, ఆరు నెలల కాంట్రాక్ట్ చాలు. ఆరు నెలలూ అదే స్థాయిలో ఉంటే ఆ గ్రాఫ్‌నే మొదటి పేజీలో పెట్టండి.