టాకిల్స్ లెక్కలో కనపడని డిఫెండింగ్: వాన్ డైక్ ఆపిన ఆ ఒక్క కౌంటర్ అటాక్

హాయ్ అండి అందరికీ. ఈ సెంటర్ బ్యాక్ మ్యాచ్‌కి నాలుగు టాకిల్స్ చేస్తున్నాడు, వాడే తోపు అని కామెంట్స్‌లో తెగ కనపడుతోంది, అందుకే ఈరోజు ఒకే ఒక్క సీన్ తీసుకుని రివ్యూ చేద్దాం.

2019 మార్చి 31, ఆన్‌ఫీల్డ్, లివర్‌పూల్ వర్సెస్ టాటెన్‌హామ్. స్కోరు 1-1, 85వ నిమిషం. లివర్‌పూల్ వాళ్ళు గోల్ కోసం ముందుకెళ్ళిపోయారు, అక్కడ బాల్ పోయింది, టాటెన్‌హామ్ ప్లేయర్ సిస్సోకో బాల్ తీసుకుని పరుగో పరుగు, పక్కనే అదే టీమ్ సన్ హ్యూంగ్ మిన్, ఎదురుగా లివర్‌పూల్ సెంటర్ బ్యాక్ వాన్ డైక్ ఒక్కడే. ఇద్దరికి ఒక్కడు. మీరైతే ఏం చేస్తారు? చాలామంది బాల్ మీదకి దూకేస్తారు, అలా దూకితే సిస్సోకో పక్కకి చిన్న పాస్ ఇస్తాడు, సన్‌కి ఖాళీ గోల్ లాంటిదే.

వాన్ డైక్ దూకలేదు. వెనక్కి వెనక్కి వెళ్తూ సన్‌కి పాస్ వెళ్ళే దారిలోనే ఉన్నాడు. ఇక్కడ లెక్క ఏంటంటే, ఆ ఇద్దరిలో సన్ చాలా మంచి ఫినిషర్, సిస్సోకో కాదు, పైగా సిస్సోకోది కుడి కాలు. అందుకని పాస్ మూసేసి, షాట్ మాత్రం సిస్సోకోకే వదిలాడు, అదీ చివరి క్షణంలో దగ్గరికొచ్చి ఎడమ కాలితో కొట్టక తప్పని పరిస్థితి తెచ్చాడు. బాల్ బార్ పైనుంచి వెళ్ళిపోయింది. నేను ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు, చూసినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు స్టాట్స్ చూడండి. బాల్‌కి కాలు తగల్లేదు కాబట్టి టాకిల్ లేదు, పాస్‌ని మధ్యలో అందుకోలేదు కాబట్టి ఇంటర్‌సెప్షన్ కూడా లేదు. మామూలు ఈవెంట్ డేటా అంటే బాల్ దగ్గర జరిగింది రాసుకునేదే, బాల్ రాకుండా చేసినవాడి పేరు అందులో ఎక్కదు. పొజిషనింగ్ కొలవాలంటే ట్రాకింగ్ డేటా కావాలి, అంటే అందరు ప్లేయర్లూ ఎక్కడున్నారో సెకనుకి 25 సార్లు వరకు నమోదు చేసేది. అప్పుడే ఏ పాస్ దారి మూసుకుపోయిందో తెలుస్తుంది.

మరి ఇంటర్‌సెప్షన్స్ పనికిరావా అంటే, వస్తాయి, కానీ ఊరికే అంకె చూడకూడదు. ఒక డిఫెండర్‌కి మ్యాచ్‌కి 2, ఇంకొకడికి 3 ఉన్నాయనుకోండి. మొదటివాడి టీమ్ దగ్గర బాల్ 65 శాతం ఉంటుంది, అంటే అవతలివాళ్ళ దగ్గర బాల్ ఉండేది 35 శాతమే, అసలు ఆపడానికి ఛాన్సే తక్కువ. రెండోవాడి టీమ్‌కి 40 శాతం, అవతలివాళ్ళకి 60. ఇద్దర్నీ సగం సగం పొజెషన్‌కి మారిస్తే మొదటివాడిది సుమారు 2.9, రెండోవాడిది 2.5. మొత్తం తిరగబడింది కదా! ఇది మోటు లెక్కే, అనలిస్టులు ఇంకా జాగ్రత్తగా చేస్తారు, ఐడియా మాత్రం ఇదే.

డ్యూయెల్స్‌లో, అంటే ఒకడితో ఒకడు తలపడే పోటీల్లో కూడా గెలిచినవి ఒక్కటే చూస్తే మోసపోతాం. ఒక డిఫెండర్ 4 టాకిల్స్ గెలిచాడు సరే, కానీ అతన్ని 4 సార్లు డ్రిబుల్ చేసి దాటేశారు, 2 ఫౌల్స్ చేశాడు, అంటే పదిసార్లు వెళ్తే నాలుగుసార్లే గెలిచినట్టు. అదే వాన్ డైక్‌ని 2018-19 ప్రీమియర్ లీగ్ సీజన్ మొత్తంలో ఒక్కరు కూడా డ్రిబుల్ చేసి దాటలేదు, ఆ సీజన్ పీఎఫ్ఏ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ కూడా అతనే.

రికవరీ రన్స్ మాత్రం నాకు అన్నిటికన్నా తిరకాసుగా అనిపిస్తుంది. గంటకి 25 కిలోమీటర్ల పైచిలుకు స్పీడ్‌తో వెనక్కి పరిగెత్తి గోల్ ఆపితే అందరం చప్పట్లు కొడతాం, కానీ అంత పరుగు ఎందుకు అవసరమైంది? కోచ్ ఫుల్ బ్యాక్‌ని పైకి పంపాడా, లేక సెంటర్ బ్యాక్ బాల్‌నే చూస్తూ లైన్ వదిలేశాడా? తేడా తెలియాలంటే పరుగు దగ్గర కాదు, బాల్ పోయిన క్షణం దగ్గర వీడియో ఆపండి, అప్పుడు డిఫెండర్ ఎక్కడున్నాడో చూడండి. టీవీ కెమెరా బాల్ వెనకే వెళ్తుంది కాబట్టి చాలాసార్లు అది కనపడదు, గ్రౌండ్ మొత్తం కనపడే వైడ్ యాంగిల్ దొరికితేనే ఒక మాట అనగలం. ఇదే సీన్‌లో ఇంకోటి గమనించండి, వాన్ డైక్ సిస్సోకోని స్లో చేసిన ఆ రెండు మూడు సెకన్లే వెనకాల పరిగెత్తుకొస్తున్న మిగతావాళ్ళ రికవరీ రన్స్‌కి టైమ్ ఇచ్చాయి.

తర్వాత 90వ నిమిషంలో టాటెన్‌హామ్ డిఫెండర్ ఆల్డర్‌వైరెల్డ్ సెల్ఫ్ గోల్, లివర్‌పూల్ 2-1తో గెలిచింది. స్టాట్స్‌లో ఆ 85వ నిమిషం ఎంట్రీ మాత్రం సిస్సోకో పేరు మీదే ఉంటుంది: షాట్, ఆఫ్ టార్గెట్.