ఆర్గాన్ కన్నా జినాన్ దాదాపు రెట్టింపు ఉష్ణోగ్రతలో ఎందుకు మరుగుతుంది?

అందరికీ నమస్కారం.

ఆవర్తన పట్టికలో కుడి చివర ఉండే జడవాయువుల గురించి మనకు చిన్నప్పటి నుంచి చెప్పే మాట ఒకటే: ఇవి ఎవరితోనూ కలవవు. ఆ మాటను అక్షరాలా నమ్మితే ఒక చిక్కు వస్తుంది. ఒక అణువుకు పక్కనున్న అణువుతో ఏ సంబంధమూ లేకపోతే, ఆ వాయువు ఎంత చల్లబరచినా ద్రవం కాకూడదు. ఆర్గాన్ మాత్రం 87.3 కెల్విన్‌కి దిగగానే ద్రవం అవుతుంది. అంటే ఆర్గాన్ పరమాణువులు ఒకదాన్నొకటి ఎంతో కొంత పట్టుకుంటున్నాయి. దేనితో పట్టుకుంటున్నాయి అన్నదే ఈరోజు మన విషయం.

ముందుగా మరిగే ఉష్ణోగ్రతలు చూద్దాం. హీలియం 4.2 కెల్విన్, నియాన్ 27, ఆర్గాన్ 87, క్రిప్టాన్ 120, జినాన్ 165, రేడాన్ 211. గ్రూపులో కిందకు దిగేకొద్దీ అంకె పెరుగుతూ పోతోంది. కారణం అడిగితే చాలామంది టక్కున చెప్పే జవాబు "పరమాణు భారం పెరుగుతుంది కాబట్టి". ఇంకొంచెం చదువుకున్నవాళ్లు "ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది కాబట్టి" అంటారు. రెండో జవాబు మొదటిదానికన్నా మెరుగే, కానీ అదీ పూర్తి జవాబు కాదు.

రెండింటినీ ఒకే దెబ్బతో పరీక్షించవచ్చు. నియాన్ పక్కన మీథేన్‌ని పెట్టండి. నియాన్‌లో 10 ఎలక్ట్రాన్లు. మీథేన్‌లో కార్బన్‌వి 6, నాలుగు హైడ్రోజన్లవి 4, మొత్తం 10. రెంటికీ శాశ్వత ద్విధ్రువం లేదు, అంటే ఒక వైపు ధనావేశం, ఇంకో వైపు రుణావేశం ఎప్పుడూ నిలిచి ఉండవు. భారం చూస్తే నియాన్ 20, మీథేన్ 16. భారం సిద్ధాంతం ప్రకారం మీథేన్ కాస్త ముందే మరగాలి. ఎలక్ట్రాన్ల సిద్ధాంతం ప్రకారం రెండూ దాదాపు ఒకేచోట మరగాలి. నిజానికి మీథేన్ మరిగేది 112 కెల్విన్ దగ్గర, అంటే నియాన్‌కి నాలుగు రెట్ల పైన. తేలికైనదే ఎక్కువ ఉష్ణోగ్రత దాకా ద్రవంగా నిలబడింది.

తేడా ఎక్కడుందంటే, ఎలక్ట్రాన్లు ఎన్ని అన్నదానిలో కాదు, అవి ఎంత వదులుగా ఉన్నాయన్నదానిలో ఉంది. నియాన్‌లో పదింటినీ ఒకే కేంద్రకం, +10 ఆవేశంతో, బిగించి పట్టుకుంది. మీథేన్‌లో అదే పది ప్రోటాన్ల ఆవేశం ఐదు కేంద్రకాలుగా విడిపోయి ఉంది, ఎలక్ట్రాన్ మేఘం కూడా విశాలంగా పరుచుకుంది. బయటి నుంచి విద్యుత్ క్షేత్రం తగిలితే ఆ మేఘం సులభంగా పక్కకు జరుగుతుంది. ఇలా జరిగే గుణాన్నే ధ్రువణీయత, పోలరైజబిలిటీ అంటాం. దాని విలువ నియాన్‌కి సుమారు 0.4 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌లు, మీథేన్‌కి సుమారు 2.6.

సరే, మేఘాన్ని పక్కకు జరపడానికి బయటి క్షేత్రం ఎక్కడిది? గుండ్రని ఆర్గాన్ పరమాణువు పక్కన మరో గుండ్రని ఆర్గాన్ పరమాణువు ఉంటే క్షేత్రం ఎవరు పుట్టిస్తారు? 1920 ప్రాంతంలో కీసమ్, డిబై అనే శాస్త్రవేత్తలు అణువుల మధ్య ఆకర్షణకు చెప్పిన వివరణలు ఇక్కడే ఆగిపోయాయి. వాళ్ల లెక్కల్లో కనీసం ఒక అణువులోనైనా ఆవేశం శాశ్వతంగా అసమానంగా పంచుకుని ఉండాలి. ఆర్గాన్‌లో అలాంటిదేమీ లేదు. క్వాంటం యాంత్రికశాస్త్రం వచ్చాక, 1930లో ఫ్రిట్జ్ లండన్ ఈ ముడి విప్పాడు. ఈ బలాలను లండన్ బలాలు అనేది ఆయన పేరు మీదే. వీటికే విక్షేపణ బలాలు, డిస్పర్షన్ ఫోర్సెస్ అని ఇంకో పేరు.

మామూలుగా చెప్పే చిత్రం ఇది. ఎలక్ట్రాన్ మేఘం సగటున గుండ్రంగా ఉన్నా, ఏ క్షణానికి ఆ క్షణం ఎలక్ట్రాన్లు కొంచెం అటో ఇటో ఒరిగి ఉంటాయి. ఆ క్షణానికి అదొక చిన్న ద్విధ్రువం. దాని క్షేత్రం పక్క పరమాణువు మేఘాన్ని జరిపి, అక్కడ ఒక ప్రేరిత ద్విధ్రువాన్ని పుట్టిస్తుంది. ఆ రెండూ ఎప్పుడూ ఆకర్షించుకునే దిశలోనే ఉంటాయి, ఎందుకంటే రెండోది పుట్టిందే మొదటిదానికి స్పందనగా. చిత్రం పనికొచ్చేదే. కానీ ఒకటి ముందు, ఇంకొకటి వెనక అన్నట్టు ఊహించుకుంటే పొరపాటు. నిజంగా జరిగేది ఏమిటంటే, రెండు పరమాణువుల్లోని ఎలక్ట్రాన్ల స్థానాలు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఇది ఇటు ఒరిగే అవకాశం ఉన్నప్పుడు అదీ ఇటే ఒరిగే అవకాశం కాస్త ఎక్కువ. దానివల్ల మొత్తం శక్తి కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గుదలే ఆకర్షణ.

ఒకే రకం పరమాణువులు రెంటికి లండన్ ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రం ఇలా ఉంటుంది:

E = −(3/4) I α² / r⁶

ఇందులో E ఆకర్షణ శక్తి, α ధ్రువణీయత, I ఒక ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి కావలసిన అయనీకరణ శక్తి, r రెండు కేంద్రకాల మధ్య దూరం. ఆరో ఘాతం చూసి కంగారు పడక్కర్లేదు. ద్విధ్రువం క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. అది పుట్టించిన ప్రేరిత ద్విధ్రువం కూడా అంతే తగ్గుతుంది. ఆ రెండింటి మధ్య శక్తిలో దూరం ఘనం మరోసారి వస్తుంది. మూడూ మూడూ ఆరు. α రెండుసార్లు రావడానికీ కారణం ఉంది: వదులైన మేఘం పక్కవాడి క్షేత్రానికి ఎక్కువ స్పందిస్తుంది, తనంతట తాను కూడా ఎక్కువ ఊగిసలాడుతుంది.

ఈ α ని ఎలా కొలుస్తారు? నాకు ఈ విషయంలో బాగా నచ్చే భాగం ఇది. వాయువు గుండా కాంతిని పంపి వక్రీభవన గుణకం చూస్తే చాలు. కాంతి కూడా ఒక విద్యుత్ క్షేత్రమే, అది దారిలో తగిలిన ప్రతి ఎలక్ట్రాన్ మేఘాన్నీ ఊపుకుంటూ పోతుంది. మామూలు పీడనం, 0 డిగ్రీల దగ్గర ఆర్గాన్ వక్రీభవన గుణకం 1.000281, జినాన్‌ది 1.000702. ఒకటికి పైనున్న భాగాలను పోలిస్తే జినాన్‌ది రెండున్నర రెట్లు. ధ్రువణీయతలు ఆర్గాన్‌కి 1.64, జినాన్‌కి 4.04, అదే నిష్పత్తి. ఒక వాయువు కాంతిని ఎంత వంచుతుందో చూసి, అది ఏ చలిలో ద్రవమవుతుందో అంచనా వేయొచ్చన్నమాట.

ఇప్పుడు అంచనా వేద్దాం. జినాన్ ధ్రువణీయత ఆర్గాన్‌కి 2.46 రెట్లు. వర్గం చేస్తే 6 రెట్లు దాటుతుంది. ఆకర్షణ ఎన్ని రెట్లు పెరిగితే మరిగే ఉష్ణోగ్రతా అన్ని రెట్లు పెరుగుతుందనుకుంటే, జినాన్ మరిగే ఉష్ణోగ్రత ఆర్గాన్‌కి ఆరు రెట్లు, 500 కెల్విన్ పైన ఉండాలి. అదే నిజమైతే జినాన్ మన గదిలో వాయువుగా ఉండేదే కాదు! చాలా పాఠాలు "ధ్రువణీయత పెరుగుతుంది, బలం పెరుగుతుంది" అని ఇక్కడితో ఆపేస్తాయి. ఎంత పెరుగుతుందని ఎవరూ అడగరు కాబట్టి సరిపోతుంది.

మిగిలిన రెండు అంశాలనూ లెక్కలోకి తీసుకోవాలి. మేఘం వదులైతే ఎలక్ట్రాన్‌ను లాగేయడం కూడా తేలిక. ఆర్గాన్ అయనీకరణ శక్తి 15.76 ఎలక్ట్రాన్ వోల్టులు, జినాన్‌ది 12.13. దాంతో 6.07 రెట్లు కాస్తా 4.67కి తగ్గింది. అసలు దెబ్బ దూరం దగ్గర పడుతుంది. జంటగా ఉన్న ఆర్గాన్ పరమాణువులు 3.76 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో సర్దుకుంటాయి. జినాన్ మేఘం పెద్దది కాబట్టి అవి 4.36 కన్నా దగ్గరకు రాలేవు. దూరం పెరిగింది 16 శాతమే, కానీ ఆరో ఘాతంలో అది 2.43 రెట్లు. 4.67ని దానితో భాగిస్తే 1.92 వస్తుంది. ఇక మరిగే ఉష్ణోగ్రతలు చూడండి: 165ని 87.3తో భాగిస్తే 1.89.

మేఘాన్ని వదులు చేసిన పెద్ద సైజే, పక్క పరమాణువును దూరంగానూ నెట్టింది. ఆరు రెట్లలో ఎక్కువ భాగం అలా వెనక్కి పోయి, చివరికి మిగిలింది సుమారు రెండు రెట్లు.

ఇంత చక్కగా కుదిరిందని మురిసిపోకుండా ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ సూత్రం ఆర్గాన్ జంటకు ఇచ్చే విలువ 11.2 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. కొలిచిన బంధన శక్తి 12.3. దగ్గరగానే ఉంది కానీ అందులో కొంత అదృష్టం. లండన్ సూత్రం ఆర్గాన్ ఆకర్షణను దాదాపు ఆరో వంతు తక్కువ చేసి చూపుతుంది. దూరం ఎనిమిదో ఘాతంతో తగ్గే అదనపు ఆకర్షణను అసలు పట్టించుకోదు. మేఘాలు ఒరుసుకున్నప్పుడు వచ్చే వికర్షణనూ వదిలేస్తుంది. మొదటి రెండూ ఒకవైపు లాగితే మూడోది రెండోవైపు లాగుతుంది. అందుకే విడి అంకెల కన్నా నిష్పత్తినే నమ్మాలి, ఎందుకంటే రెండు మూలకాలకూ లోపాలు ఒకే తీరులో ఉంటాయి.

ఆ నిష్పత్తి పద్ధతి గ్రూపు పైకొస వరకూ పనిచేస్తుందా? బంధన శక్తిని బోల్ట్జ్‌మన్ స్థిరాంకంతో భాగించి కెల్విన్‌లలో రాసుకుంటే ఆర్గాన్‌కి 143, క్రిప్టాన్‌కి 201, జినాన్‌కి 282 వస్తాయి. మరిగే ఉష్ణోగ్రత మూడింటిలోనూ ఇందులో సుమారు 60 శాతం. హీలియంకి ఆ విలువ 11. అందులో 60 శాతం అంటే ఆరున్నర కెల్విన్. హీలియం మాత్రం 4.2 దగ్గరే మరిగిపోతుంది. 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ దాన్ని తొలిసారి ద్రవంగా మార్చడానికి అంత కిందకు దిగాల్సి వచ్చింది.

ఇక్కడ తప్పు ఆకర్షణ లెక్కలో లేదు. అంత తేలికైన పరమాణువును ఒక చిన్న చోట నిలపాలంటే, సున్నా కెల్విన్ దగ్గర కూడా దానికి కొంత కదలిక తప్పదు. దాన్ని జీరో పాయింట్ శక్తి అంటారు. ఆర్గాన్, జినాన్‌లలో అది ఆకర్షణతో పోలిస్తే చిన్నది. హీలియంలో ఆకర్షణే అతి బలహీనం కాబట్టి, ఆ కదలిక దానిలో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. మామూలు వాతావరణ పీడనంలో హీలియం ఎంత చల్లబరచినా గడ్డకట్టకపోవడానికి కారణం కూడా ఇదే, దాన్ని ఘనంగా చేయాలంటే కనీసం 25 వాతావరణాల పీడనం పెట్టాలి.

దీనికి సాక్ష్యం హీలియం-3. దానికీ మామూలు హీలియం-4కీ ఎలక్ట్రాన్లు ఒకటే, ధ్రువణీయత ఒకటే, లండన్ ఆకర్షణా ఒకటే. తేడా కేంద్రకంలో ఒక్క న్యూట్రాన్. అయినా హీలియం-3 మరిగేది 3.2 కెల్విన్ దగ్గర, పూర్తి డిగ్రీ కింద. ఈ గ్రూపులో భారం నేరుగా, స్పష్టంగా ప్రభావం చూపేది ఇక్కడే. అదీ ఆకర్షణను మార్చి కాదు, తేలికైన పరమాణువుకు ఆగని కదలికను ఇంకాస్త పెంచి.